షట్టర్ దించితే ఆదాయం బంద్: ఒంటరిగా పార్లర్ నడిపే మహిళ సెలవు ఎలా తీసుకోవాలి?

తెల్లారుజామున మూడున్నరకు ముహూర్తం. పెళ్లికూతురి మేకప్‌ కోసం రాత్రి పన్నెండు గంటలకే బ్యాగు సర్దుకుని వెళ్లాలి. చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి ఇంటికి వచ్చేసరికి తెల్లారుతుంది. పిల్లలకు టిఫిన్ బాక్సులు కట్టి పది గంటలకు మళ్లీ పార్లర్ షట్టర్ ఎత్తాలి. అప్పటికే ఇద్దరు ఐబ్రోస్ కోసం బయట నిలబడి ఉంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఒక్కతే పార్లర్ నడుపుకునే మహిళకు లగ్గాల సీజన్ అంటే ఇదే. చేతి కింద అసిస్టెంటు ఉండదు. ఆమె పడుకుంటే షాపు పడుకున్నట్టే.

ఉద్యోగం చేసే వారికి వారానికో సెలవు ఉంటుంది. ఈఎస్ఐ ఉన్న కార్మికురాలు జబ్బు పడితే, నిబంధనల ప్రకారం ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. సొంత పార్లర్ మహిళకు ఈ రెండూ లేవు. అందుకే చాలామంది సెలవు అన్న మాటే మరిచిపోతారు. చివరికి చెయ్యి లేవకనో, కళ్లు తిరిగి పడిపోయో షట్టర్ దించుతారు. అది సెలవు కాదు. అది కూడా చాలాసార్లు మంచి సీజన్‌లోనే వస్తుంది.

సెలవు తీసుకోకపోవడానికి అసలు కారణం ఒక భయం, ఆ భయం వెనుక ఒక తప్పు లెక్క. ముందు ఆ లెక్క సరిచేయాలి.

ఒక రోజు మూస్తే నిజంగా ఎంత పోతుంది?

కోదాడలో కిరాయి గదిలో పార్లర్ నడిపే ఒక మహిళను ఉదాహరణగా తీసుకుందాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే. ఎవరి షాపు అంకెలు వారు వేసుకోవాలి.

ఏడాదికి ఆమె గల్లాలో పడేది రూ.4,20,000. అందులో క్రీములు, వ్యాక్స్, రంగులు, దారం వంటి సామాను ఖర్చు రూ.1,00,000. గది కిరాయి, కరెంటు కలిపి నెలకు రూ.5,000, అంటే ఏడాదికి రూ.60,000. రిపేర్లు, బస్సు, ఆటో రూ.20,000. చివరికి ఇంటికి మిగిలేది రూ.2,40,000, అంటే నెలకు రూ.20,000. బంధువుల ఫంక్షన్లు, జ్వరాలు కలిపి ఏడాదిలో ఓ 15 రోజులు షాపు మూస్తుంది. మిగతా 350 రోజులు తెరిచే ఉంటుంది.

ఆమె మనసులో లెక్క ఇలా నడుస్తుంది: ‘ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలు, అంటే రోజుకు 1,200. ఇంకో 52 రోజులు మూస్తే రూ.62,400 పోతుంది. మూడు నెలల ఇంటి ఖర్చు.’ ఇంత పెద్ద అంకె చూశాక ఎవరైనా సెలవు ఆలోచన మానుకుంటారు.

ఈ లెక్కలో మూడు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది, షాపు మూసిన రోజు క్రీము, వ్యాక్స్ ఖర్చు కావు. పోయేది మొత్తం గల్లా కాదు, సామాను ఖర్చు తీసేయగా మిగిలేది మాత్రమే. కిరాయి ఎలాగూ కట్టాలి కాబట్టి దాన్ని సెలవు ఖాతాలో వేయకూడదు.

రెండోది, అన్ని రోజులూ రూ.1,200 రోజులు కావు. వైశాఖంలో మంచి ముహూర్తం రోజు ఒక్క బ్రైడల్ మేకప్‌తోనే వేలు వస్తాయి. ఆషాఢంలో మధ్యాహ్నం వరకు ఒక్క మనిషీ రాని రోజులుంటాయి. సగటు ఈ రెండింటినీ కలిపేసి ఖాళీ రోజుకు కూడా పెద్ద ధర కట్టేస్తుంది.

మూడోది, మూసిన రోజు వచ్చిన కస్టమర్లంతా పోరు. పెళ్లికూతురు ఆగదు కానీ కనుబొమ్మలు ఆగుతాయి. మంగళవారం మూసి ఉంటే సోమవారమో బుధవారమో వచ్చే వారు చాలామంది. సందు చివర ఇంకో పార్లర్‌కు వెళ్లేవారు కొందరు.

కాబట్టి సెలవు ఖరీదు తెలియాలంటే సగటు పనికిరాదు. ఒక నోటు పుస్తకం కావాలి. ఒక్కో రోజుకు ఒక్కో లైను: తేదీ, వారం, ఎంతమంది వచ్చారు, ఎంత వచ్చింది. మూడు నెలలు రాస్తే వారంలో ఏ రోజు గిరాకీ తక్కువో తెలుస్తుంది. ఏడాది రాస్తే ఏ నెల ఖాళీయో తెలుస్తుంది.

వారంలో మంగళవారం

చాలా షాపుల్లో ఆ ఖాళీ రోజు మంగళవారమే అవుతుంది. మంగళవారం జుట్టు, గోళ్లు తీయించుకోని ఇళ్లు మన దగ్గర ఎక్కువ. పెళ్లి ముహూర్తాలు కూడా ఆ రోజు అరుదు. కస్టమర్లలో ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న బస్తీలో లెక్క వేరుగా ఉండొచ్చు, అక్కడ శుక్రవారం మధ్యాహ్నం ఖాళీగా కనిపించొచ్చు. ఏ రోజో పుస్తకమే చెబుతుంది. ఒకసారి తేలాక ఆ రోజు మార్చకూడదు. ఈ వారం మంగళవారం, వచ్చే వారం గురువారం అంటే కస్టమర్‌కు గుర్తుండదు, వచ్చి తాళం చూసి వెళ్లిపోతుంది. ‘మంగళవారం సెలవు’ అని బోర్డు మీద ఏడాదంతా ఒకే మాట ఉంటే రెండు నెలల్లో అందరికీ అలవాటవుతుంది.

ఏడాదిలో ఏ నెల?

ఈ మూడు పట్టణాల్లో పార్లర్ గిరాకీ రెండు క్యాలెండర్ల మీద నడుస్తుంది. ఒకటి పంచాంగం, రెండోది చాంద్. రెండింటినీ గోడ మీద పక్కపక్కన పెట్టుకోకుండా సెలవు ప్లాన్ చేయడం కుదరదు.

పంచాంగం ప్రకారం మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్ల నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. గురు మూఢం, శుక్ర మూఢం వచ్చినప్పుడు మంచి నెలలో కూడా లగ్గాలు ఆగిపోతాయి. అవి ఏటా ఒకే సమయానికి రావు కాబట్టి ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. పెళ్లిళ్లు లేకపోయినా బతుకమ్మ, సంక్రాంతి ముందు వారం ఫేషియల్, త్రెడింగ్ గిరాకీ గట్టిగా ఉంటుంది. ఆ వారాలను ముట్టుకోకూడదు.

చాంద్ క్యాలెండర్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రంజాన్ మొదటి ఇరవై రోజులు పగలు గిరాకీ పలచగా ఉంటుంది. చివరి పది రోజులు పెరుగుతుంది. చాంద్ రాత్ నాడు మెహందీ, ఐబ్రోస్ కోసం అర్ధరాత్రి దాటినా లైను కదలదు. ఆ తర్వాత షవ్వాల్‌లో నికాహ్‌లు మొదలవుతాయి. ముహర్రంలో చాలా కుటుంబాలు పెళ్లిళ్లు పెట్టుకోవు. కాబట్టి రోజా ఉండే బ్యూటీషియన్‌కు రంజాన్ మొదటి సగంలో అసర్‌కే షాపు కట్టేయడం తక్కువ నష్టం. ఈద్ రోజు, బాసీ ఈద్ రోజు బుకింగ్ తీసుకోకుండా ఉంటే చాంద్ రాత్ నిద్ర కొంతైనా తీరుతుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. పిల్లల వేసవి సెలవులు వైశాఖ, జ్యేష్ఠ లగ్గాల మీదే పడతాయి. ఆషాఢం వచ్చేసరికి బడులు తెరిచి ఉంటాయి. అమ్మకు ఖాళీ దొరికినప్పుడు పిల్లలకు దొరకదు. అధిక మాసం వేసవిలో వచ్చిన ఏడాది ఈ ముడి విడిపోతుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆ నెలలో హిందూ పెళ్లిళ్లు పెట్టుకోరు, పిల్లలకు బడి ఉండదు. బక్రీద్ మే నెలాఖరులో వస్తుంది కాబట్టి పండగ గిరాకీ అయిపోయాక జూన్ మొదటి వారం ఖాళీ దొరుకుతుంది. ముస్లిం ఇళ్ల పెళ్లి బుకింగులు ఎక్కువగా ఉన్నవారు మాత్రం ఆ తేదీలు ఒకసారి చూసుకోవాలి. అదే ఏడాది ఆషాఢం జూలై 15 నుంచి ఆగస్టు 12 వరకు. అధిక మాసం సుమారు 32, 33 నెలలకు ఒకసారి వస్తుంది, ప్రతిసారీ వేసవిలోనే రాదు. మిగతా ఏళ్లలో ఆషాఢంలో శని, ఆదివారాలు కలిసేలా కొద్ది రోజులు, సద్దుల బతుకమ్మ అయ్యాక దసరా సెలవుల్లో రెండు మూడు రోజులు అని విడగొట్టుకోవడమే దారి.

రోజుకు వంద రూపాయలు

ఇప్పుడు కోదాడ మహిళ లెక్కకు మళ్లీ వద్దాం. ఆమె ఏడాదిలో 46 మంగళవారాలు మూస్తుంది. బతుకమ్మ, రంజాన్ చివరి పది రోజులు, సంక్రాంతి వంటి సమయాల్లో పడే ఆరు మంగళవారాలు తెరుస్తుంది. ఆషాఢంలో ఒక మంగళవారం నుంచి వచ్చే మంగళవారం దాకా మూస్తుంది. మంగళవారాలు ఎలాగూ సెలవే కాబట్టి అదనంగా మూసేది ఆరు రోజులే, కానీ విశ్రాంతి దొరికేది వరుసగా ఎనిమిది రోజులు.

ఆమె పుస్తకం ప్రకారం మంగళవారం సామాను ఖర్చు పోను మిగిలేది రూ.400. అందులో సగం కస్టమర్లు పక్క రోజుల్లో వస్తారు. నష్టం రూ.200 చొప్పున 46 రోజులకు రూ.9,200. ఆషాఢం రోజుకు మిగిలేది రూ.500, ఆరు రోజులకు రూ.3,000. మొత్తం రూ.12,200. భయపడిన రూ.62,400 ఎక్కడ, ఇది ఎక్కడ?

ఊరికి వెళ్లే ఖర్చు రూ.8,000 కలిపితే రూ.20,200. ఇప్పుడు ఆమె పనిచేసే రోజులు 298. భాగిస్తే రోజుకు రూ.68. త్రెడింగ్ రూ.40 నుంచి రూ.50 చేసి, రోజుకు ఏడుగురు వస్తే అక్కడే రూ.70 వచ్చేస్తుంది.

అనుకున్నట్టు జరగకపోతే? మంగళవారం కస్టమర్ ఒక్కరూ తిరిగి రాలేదనుకుందాం. అప్పుడు నష్టం, ప్రయాణం కలిపి రూ.29,400 అవుతుంది, రోజుకు రూ.99. కాబట్టి పనిచేసిన ప్రతి రోజు రాత్రి గల్లాలోంచి రూ.100 తీసి వేరే ఖాతాలో వేస్తే, చెడ్డ ఏడాదిలో కూడా సెలవు డబ్బు సరిపోతుంది. మంచి ఏడాదిలో తొమ్మిది వేలకు పైగా మిగులుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ధర పెంచడానికి సరైన సమయం సీజన్ మొదలయ్యే ముందు. ఆషాఢంలో పెంచితే వచ్చే కొద్దిమందీ ఆలోచిస్తారు. పెంచిన రెండు నెలల తర్వాత పుస్తకం చూడాలి. మనుషులు ఏడుగురి నుంచి ఐదుగురికి తగ్గితే ఆ పెంపు పనిచేయలేదని అర్థం, అప్పుడు త్రెడింగ్ పాత ధరకే ఉంచి ఫేషియల్, మేకప్ మీద పెంచాలి. రెండోది, ఈ ఖాతా ఆమె పేరు మీదే ఉండాలి. చాలా పార్లర్లలో గోడకు అంటించిన స్కానర్ భర్తదో, అన్నదో అయి ఉంటుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడితే సెలవు నిర్ణయం వారి చేతిలోకి వెళ్తుంది.

సీజన్ డబ్బుతో ఇంకో ప్రమాదం ఉంది. వైశాఖంలో చేతినిండా వచ్చింది జూన్‌లో బడి ఫీజులకు, పుస్తకాలకు పోతుంది. వెంటనే ఆషాఢం వస్తుంది. ఖాళీ చేతులతో ఖాళీ నెల గడపాల్సి వచ్చినప్పుడు సెలవు ఎవరికి గుర్తొస్తుంది? అందుకే వచ్చిందంతా ఇంటికి తీసుకెళ్లకుండా, నెలకు రూ.18,000 అని తనకు తాను జీతం కట్టుకోవడం మేలు. మంచి నెలల్లో మిగిలింది చెడ్డ నెలల జీతం అవుతుంది. పెళ్లి బుకింగ్‌కు తీసుకున్న అడ్వాన్సు కూడా పని అయ్యేదాకా సంపాదన కాదు. ఆ రోజు జ్వరం వస్తే తిరిగి ఇవ్వాల్సిన డబ్బు అది.

జబ్బుకు వేరే డబ్బా

సెలవు డబ్బు, జబ్బు డబ్బు కలపకూడదు. కలిపితే ఏటా జబ్బే గెలుస్తుంది. నెల రోజులు చెయ్యి కదపొద్దని డాక్టర్ చెబితే ఆమెకు కావాల్సింది ఇంటికి రూ.20,000, కిరాయి రూ.5,000, మొత్తం రూ.25,000. ఒక్కో పెళ్లి మేకప్ నుంచి రూ.500 పక్కన పెట్టి, ఏడాదికి 25 పెళ్లిళ్లు చేస్తే రెండేళ్లలో ఆ మొత్తం జమ అవుతుంది. ఇదే ఆమె సొంత ఈఎస్ఐ.

అలసటా, అంతకు మించిందా?

రాత్రి బాగా నిద్రపోతే పోయేది అలసట. నిద్రపోయినా పోనిది వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా, పనివల్ల వచ్చే స్థితిగా వివరించింది. దానికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి అయిపోయినట్టు ఉండటం, పని మీద విసుగు, దూరం పెరగడం, చేసే పని సరిగా రావడం లేదనిపించడం.

పార్లర్‌లో ఇవి ఇలా కనిపిస్తాయి. పెళ్లి బుకింగ్ ఫోన్ వస్తే సంతోషం బదులు గుండెలో బరువు. ‘అక్కా, ఒక్కసారి చేసిపెట్టవా’ అన్న మాటకే కోపం. ఏళ్లుగా చేసిన పనిలో ఒక కనుబొమ్మ సన్నం, ఒకటి లావు. రంగు కలిపి టైము మరిచిపోవడం. ఇవి వరుసగా రెండు మూడు వారాలు కనిపిస్తే, ఆషాఢం దాకా ఆగకుండా బుకింగులు తగ్గించాలి.

ఒళ్లు కూడా చెబుతుంది. త్రెడింగ్‌లో దారం పంటితో పట్టి, మెడ ముందుకు వంచి, రెండు చేతుల వేళ్లు ఒకే కదలిక వందల సార్లు చేస్తాయి. బొటనవేలి వైపు మణికట్టు నొప్పి పుట్టి, గిన్నె ఎత్తుతుంటే గుచ్చినట్టు ఉంటే అక్కడి స్నాయువు పొర వాచి ఉండొచ్చు. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి చెయ్యి విదిలించాల్సి వస్తే మణికట్టులో నరం నొక్కుకుంటున్నట్టు అనుమానించాలి. తల రంగు, కెమికల్ వల్ల వేళ్ల చర్మం పగిలి దురద పెట్టొచ్చు. పని వల్లనేనా కాదా తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తు ఉంది: సెలవులో తగ్గి, షాపు తెరిచిన ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలైతే అది పని నుంచి వచ్చిందే. అక్కడ సెలవు ఒక్కటే మందు కాదు, గ్లౌజులు, కుర్చీ ఎత్తు, త్రెడింగుల మధ్య విరామం మారాలి. తిమ్మిరి తగ్గకపోతే ఎముకల డాక్టర్‌కు చూపించాలి.

ఇంకో మాట. మనలో చాలామంది మహిళల నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ కూడా కారణం అవుతాయి. ముందు రక్తపరీక్ష చేయించుకోకుండా అంతా పని మీదకు తోయకూడదు. సెలవు తీసుకున్నా నిద్ర పట్టక, ఏదీ చేయబుద్ధి కాక రెండు వారాలు గడిస్తే డాక్టర్‌ను కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

కస్టమర్లు పోకుండా

సెలవు సంగతి పది రోజుల ముందే వాట్సాప్ స్టేటస్‌లో, తలుపు మీద పెట్టాలి. మూసే తేదీ కంటే తెరిచే తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ‘కొన్ని రోజులు సెలవు’ అని రాస్తే కస్టమర్ వేరే చోటు వెతుక్కుంటుంది. ‘బుధవారం ఉదయం 10 గంటలకు తెరుస్తాం’ అంటే ఆగుతుంది.

అత్యవసర పెళ్లి పని పక్క వీధి పార్లర్‌కు ఇవ్వాలంటే మనసొప్పదు, ఆ కస్టమర్ మళ్లీ రాదేమోనని. అందుకే తోడు పక్క ఊళ్లో వెతకాలి. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్–విజయవాడ హైవే మీదే ఉన్నాయి, మధ్య దూరం గంట ప్రయాణం లోపే. కోదాడ ఆమెకు సూర్యాపేట బ్యూటీషియన్ పోటీ కాదు, మిర్యాలగూడ ఆమె అసలే కాదు. ముగ్గురూ ముందే మాట అనుకోవచ్చు: ఒకరు పడిపోతే ఇంకొకరు పెళ్లికి వెళ్తారు, మేకప్ డబ్బు పనిచేసిన వారికి, బుకింగ్ ఇచ్చిన వారికి పదో వంతు. పెళ్లివారికి కూడా బుకింగ్ రోజే ఆ సంగతి చెప్పాలి. ముగ్గురి సెలవు వారాలు ఒకటే కాకుండా చూసుకోవాలి.

రాత్రి ముహూర్తం చేసిన మర్నాడు షాపు మధ్యాహ్నం రెండింటికే తెరవడం, తెల్లారుజాము పెళ్లి, సాయంత్రం నికాహ్ ఒకే రోజు ఒప్పుకోకపోవడం కూడా సెలవులో భాగమే. సీజన్ మధ్యలో ఈ రెండు నియమాలు లేకపోతే ఆషాఢం దాకా ఒళ్లు నిలబడదు.

చివరిగా, సెలవుకు చాలామంది పుట్టింటికే వెళ్తారు. ఖర్చు తక్కువ, మనసుకు హాయి. కానీ వెళ్లిన గంటకే వదిన, చెల్లెళ్లు, పక్కింటి అమ్మాయిలు ‘అక్కా, దారం తెచ్చావా’ అని వరుసలో కూర్చుంటారు. దానికి ఒకటే మందు. దారం, కత్తెర, మేకప్ బ్యాగు షాపులోనే పెట్టి తాళం వేసి వెళ్లాలి.